స్ప్రే కొట్టిన పావుగంటకి ఆ నిమ్మ వాసన ఎటు పోతుంది?

మాల్‌లో పెర్ఫ్యూమ్ కౌంటర్ దగ్గర ఎక్కువగా జరిగేది ఇదే. సేల్స్ అమ్మాయి ఒక పేపర్ ముక్క మీద కొట్టి ఇస్తుంది, మనం వాసన చూస్తాం, అబ్బ ఫ్రెష్‌గా భలే ఉందే అనుకుని కార్డ్ గీకేస్తాం. ఇంటికొచ్చేసరికి చేతి మీద ఆ వాసన ఉండదు, ఇంకేదో తియ్యటి పొడి వాసన ఉంటుంది, డూప్లికేట్ అంటగట్టారేమో అని డౌట్ కూడా వస్తుంది. డూప్లికేట్ ఏం కాదు, ఆ సీసా పనే అలా మారుతూ పోవడం. మనం డబ్బులిచ్చింది మొదటి పది నిమిషాలు చూసి, మనతో రోజంతా ఉండేది మిగతాది, గొడవంతా అక్కడే.

డబ్బా మీదో వెబ్‌సైట్‌లోనో ఒక త్రికోణం బొమ్మ చూసే ఉంటారు, పైన టాప్ నోట్స్, మధ్యలో హార్ట్ నోట్స్, కింద బేస్ నోట్స్ అని. కొత్తగా చూసేవాళ్ళకి ఆ బొమ్మ వల్ల ఒక తప్పుడు ఐడియా వచ్చేస్తుంది, ఏంటంటే సీసాలో మూడు పొరలు ఉంటాయి, మొదటిది అయిపోయాక రెండోది మొదలవుతుంది, అది అయ్యాక మూడోది అని. అలా ఏమీ ఉండదు. సీసాలో ఉన్నదంతా ఒకటే ద్రవం, అన్నీ బాగా కలిసిపోయి ఉంటాయి, చర్మం మీద పడిన సెకనులోనే అన్నీ ఒకేసారి ఆవిరవ్వడం మొదలెడతాయి.

దండెం మీద తడి కర్చీఫు, తడి జీన్స్ ప్యాంటు పక్కపక్కనే ఆరేసినట్టు అనుకోండి. రెండూ ఒకే క్షణంలో ఆరడం మొదలుపెట్టాయి, కర్చీఫు అయిపోయేదాకా జీన్స్ వెయిట్ చేయదు కదా, కాకపోతే కర్చీఫు పావుగంటలో ఆరిపోతే జీన్స్ సాయంత్రం దాకా తడిగానే ఉంటుంది. టాప్ నోట్స్ అంటే త్వరగా ఎగిరిపోయేవి, బేస్ నోట్స్ అంటే నింపాదిగా వెళ్ళేవి, అంతే తేడా. బేస్ నోట్స్ మొదటి నిమిషం నుంచీ అక్కడే ఉంటాయి, పైన హడావుడి ఎక్కువగా ఉండడం వల్ల మనకి సరిగ్గా తెలియదు.

మరి కొన్ని ఎందుకు త్వరగా ఎగిరిపోతాయి? అందరూ చెప్పే సమాధానం "తేలికైన అణువులు ముందు, బరువైనవి తర్వాత" అని. పాక్షికంగా నిజమే గానీ పూర్తిగా కాదు. మూడు పదార్థాలు తీసుకుందాం. నిమ్మ, నారింజ తొక్కల్లో ఎక్కువగా ఉండే లిమొనీన్, దాని అణుభారం 136. లావెండర్ లాంటి వాటిల్లో ఉండే లినలూల్, 154. వెనీలా వాసనకి ముఖ్య కారణమైన వెనిలిన్, 152. బరువు లెక్కే అయితే లినలూల్ కంటే వెనిలినే కాస్త ముందు వెళ్ళిపోవాలి. కానీ మామూలు గది వేడిలో గాల్లోకి లేచే జోరు చూస్తే లిమొనీన్‌ది లినలూల్ కంటే సుమారు పది రెట్లు ఎక్కువ, లినలూల్‌ది వెనిలిన్ కంటే వెయ్యి రెట్లకి పైనే ఎక్కువ. కారణం ఏంటంటే వెనిలిన్ అణువులు ఒకదాన్నొకటి గట్టిగా పట్టుకుని ఉంటాయి, పక్కనున్నవాటిని కూడా పట్టుకుంటాయి, లిమొనీన్‌కి ఆ పట్టు చాలా తక్కువ కాబట్టి కాస్త వెచ్చదనం తగిలితే చాలు లేచిపోతుంది. అంటే బరువుతో పాటు పట్టు కూడా చూడాలి.

ఇక్కడ ఇంకో ప్రశ్న రావాలి, వెనిలిన్ అంత తక్కువగా గాల్లోకి వస్తుంటే మరి మనకి వాసనెలా తెలుస్తోంది అని. మన ముక్కు అన్నిటినీ ఒకేలా పట్టుకోదు. కొన్ని పదార్థాలు గాల్లో బోలెడంత ఉంటే తప్ప తెలియవు, కొన్ని లేశమాత్రం ఉన్నా తెలిసిపోతాయి, వెనిలిన్ ఆ రెండో రకం. లిమొనీన్ గుంపుగా వచ్చి తన వాసన తెలియజేస్తే వెనిలిన్ ఒక్కొక్కటిగా వచ్చి కూడా తెలియజేస్తుంది. పెర్ఫ్యూమ్ తయారుచేసేవాళ్ళ నేర్పంతా ఈ రెండు లెక్కలు కలిపి చూసుకోవడంలో ఉంది, ఏది ఎంత త్వరగా పోతుంది, ఏది ఎంత కొంచెం ఉన్నా తెలుస్తుంది అని.

ఇదంతా గాల్లో చెప్పుకోవడం కంటే ఒక సీసా తీసుకుని గంటగంటకీ చూద్దాం. నేను షాలిమార్ తీసుకుంటున్నా, ఫ్రాన్స్‌లోని గెర్లాన్ కంపెనీది, జాక్ గెర్లాన్ తయారుచేశాడు, 1925లో పారిస్‌లో జరిగిన పెద్ద ఎగ్జిబిషన్‌లో జనానికి చూపించారు, ఇప్పటికీ అమ్ముతున్నారు. పేరు లాహోర్‌లోని షాలిమార్ తోటల మీద పెట్టారు, షాజహాన్ ముంతాజ్‌ల ప్రేమకథ అంటూ ప్రచారం చేశారు. (లాహోర్ తోట పని మొదలైంది 1641లో, ముంతాజ్ పోయింది 1631లో, అయినా సెంటు అమ్మేవాళ్ళకి తారీకులతో పనేముంది.) దీన్నే ఎంచుకోవడానికి కారణం ఏంటంటే ఇందులో రెండు చివరలూ స్పష్టంగా ఉంటాయి, పైన బెర్గమాట్ అనే నిమ్మజాతి పండు తొక్క నూనె బాగా దట్టించి ఉంటుంది, కింద వెనీలా బాగా దట్టించి ఉంటుంది, అందుకే కొత్తవాళ్ళకి కూడా మార్పు సులువుగా తెలిసిపోతుంది.

మణికట్టు మీద ఒక్క స్ప్రే కొట్టాం అనుకోండి. ఒక స్ప్రేలో సుమారు 0.1 మిల్లీలీటర్ పడుతుంది, ఓ డి పర్ఫ్యూమ్ అనే రకం అయితే అందులో మామూలుగా 15 నుంచి 20 శాతం సువాసన నూనె, మిగతా దాదాపు అంతా ఆల్కహాల్, కొంచెం నీళ్ళు. అంటే రోజంతా మనం మోసే వాసన వెనక ఉన్నది ఇరవై మిల్లీగ్రాముల లోపు నూనె, అంతే. మొదటి అర నిమిషం ముక్కు దగ్గర పెట్టకండి, అప్పుడు వచ్చేది ఆల్కహాల్ ఘాటే, అది ఎగిరిపోతూ పోతూ పైపై వాసనల్ని కూడా కొంత తనతో లాక్కుపోతుంది, అందుకే మొదట్లో గదంతా గుప్పుమంటుంది.

నిమిషం దాటాక బెర్గమాట్ వస్తుంది. ఎర్ల్ గ్రే టీ తాగినవాళ్ళకి ఇది తెలిసిన వాసనే, ఆ టీకి వేసేది ఈ తొక్క నూనెనే, ఎక్కువగా ఇటలీలోని కలాబ్రియా ప్రాంతంలో పండుతుంది. ఇక్కడ ఒక తమాషా ఉంది, బెర్గమాట్ నూనె కూడా ఒక్క పదార్థం కాదు, అందులో లిమొనీన్ ఉంది, లినలైల్ ఎసిటేట్ ఉంది, లినలూల్ ఉంది. మొదటి ఐదు నిమిషాల్లో కొట్టొచ్చినట్టుండే తొక్క గిల్లిన పులుపు వాసన లిమొనీన్‌ది, అది త్వరగా పల్చబడుతుంది, ఆ తర్వాత కాసేపు మెత్తగా లావెండర్‌కి దగ్గరగా ఉండే వాసన మిగులుతుంది, అది లినలైల్ ఎసిటేట్ పని. అంటే "టాప్ నోట్" అని ఒక్క ముక్కలో రాసిన దాంట్లోనే లోపల మళ్ళీ చిన్న టాప్, చిన్న మిడిల్ ఉన్నాయన్నమాట. ఇదే మొదటి పది నిమిషాల్లో జాగ్రత్తగా చూస్తే నిమ్మ వెనకాల కాస్త పొగ, కాస్త తోలు లాంటి వాసన కూడా తగులుతుంది, కొంతమందికి అది అస్సలు నచ్చదు, "ఇదేంటి కాలిన వాసన" అని మొహం తిప్పేసుకుంటారు. నా దృష్టిలో ఈ సీసా నేర్పే పెద్ద పాఠం అదే, ఎందుకంటే ఆ పొగ, తోలు వచ్చేది బేస్‌లోంచి, త్రికోణం బొమ్మ ప్రకారం అది నాలుగు గంటల తర్వాత రావాలి, కానీ మూడో నిమిషంలోనే కనబడిపోయింది.

ఇరవై నిమిషాల నుంచి అరగంట మధ్యలో నిమ్మ వెనక్కి తగ్గి హార్ట్ భాగం ముందుకొస్తుంది. షాలిమార్‌లో అది మల్లెజాతి పూలు, గులాబీ, ఐరిస్ అనే మొక్క దుంప నుంచి వచ్చే పౌడర్ లాంటి వాసన. అయితే ఇందులో పూలు విడివిడిగా "ఇదిగో గులాబీ" అని చెప్పేంత స్పష్టంగా ఉండవు, పైనున్న నిమ్మకీ కిందున్న వెనీలాకీ మధ్య అతుకు కనబడకుండా చేయడమే వాటి ముఖ్యమైన పని. గులాబీ వాసనకి మూలమైన ఒక పదార్థం ఫినైల్ ఇథైల్ ఆల్కహాల్, లిమొనీన్ కంటే చాలా నెమ్మదిగా, వెనిలిన్ కంటే చాలా త్వరగా ఆవిరవుతుంది, అందుకే మధ్యలో కూర్చుంది. ఈ దశ ఒక గంట నుంచి మూడు గంటలు, చర్మాన్ని బట్టి అటూఇటూ.

నాలుగో గంట తర్వాత మిగిలేది వెనీలా, టోంకా అనే గింజ నుంచి వచ్చే ఎండుగడ్డి తీపి, ఒపోపొనాక్స్ అనే సాంబ్రాణి లాంటి బంక. దీన్ని డ్రై డౌన్ అంటారు. ఇక్కడ వెనీలా అంత గట్టిగా ఉండడానికి ఒక కథ చెబుతుంటారు, జాక్ గెర్లాన్ తమ కంపెనీ పాత సెంటు జికీ, 1889 నాటిది, ఆ సీసాలోకి ఇథైల్ వెనిలిన్ కొంత ఒంపేసి చూశాడట, అలా పుట్టింది షాలిమార్ అని. కథ ఎంత నిజమో గానీ ఇథైల్ వెనిలిన్ మాత్రం నిజం, మామూలు వెనిలిన్ కంటే రెండు మూడు రెట్లు ఘాటు, నింపాదిగా పోయే రకం, అందుకే చొక్కా మీద పడితే మర్నాడు కూడా తెలుస్తుంది.

ఇంకో సంగతి, బేస్‌లో ఉన్నవి చివరిదాకా ఉండడమే కాదు, పైవాటిని కూడా కాస్త పట్టి ఉంచుతాయి. నిమ్మ నూనె ఒక్కటే చేతి మీద రాస్తే పది నిమిషాల్లో జాడ ఉండదు, అదే చిక్కటి బంకలు, వెనీలా మధ్యలో కలిసి ఉంటే లిమొనీన్ పైకి లేవాలంటే ఆ గుంపులోంచి బయటపడాలి కాబట్టి కొంచెం ఆలస్యమవుతుంది. కొంచెమే, నిమ్మని సాయంత్రం దాకా ఆపే బేస్ ఎక్కడా లేదు. "పన్నెండు గంటలు ఫ్రెష్ సిట్రస్" అని రాసి ఉంటే అది నిమ్మ కాదు, నిమ్మలా అనిపించే ఇంకేదో నింపాది పదార్థం పెట్టారని అర్థం.

ఈ టాప్, మిడిల్, బేస్ విభజనకి లెక్క కట్టినవాళ్ళలో బాగా పేరున్నవాడు విలియం పౌచర్ అనే ఇంగ్లీషాయన, 1950ల్లో వందలాది పదార్థాలని ఒక్కొక్కటీ పేపర్ ముక్క మీద అద్ది, వాసన ఎంతసేపు ఉందో చూసి 1 నుంచి 100 దాకా నంబర్లు ఇచ్చాడు. 14 దాకా టాప్, 60 దాకా మిడిల్, ఆపైన బేస్. ప్యాచౌలీ అనే ఆకు నూనె, వెనిలిన్ లాంటివి 100 దగ్గర ఉంటాయి. గీతలు ఎక్కడ గీయాలో ఆయన పెట్టుకున్నదే, ప్రకృతిలో గీతలేం లేవు, ఒక పదార్థం నుంచి ఇంకో పదార్థానికి సాఫీగా మారుతూ పోతుంది.

ఇవాళ డబ్బా మీద వేసే త్రికోణం అయితే ఫార్ములా కూడా కాదు, ఎక్కువగా మార్కెటింగ్ వాళ్ళు రాసేది. హార్ట్‌లో "మల్లె" అని రాస్తారు, లోపల వాడేది హెడియోన్ కావచ్చు, 1966లో వచ్చిన డియోర్ కంపెనీ సెంటు ఓ సోవాజ్‌తో బాగా పాపులర్ అయిన పదార్థం, మల్లెపూల గాలిలా ఉంటుంది, హార్ట్ అని రాసినా గంటల తరబడి ఉంటుంది. కొన్ని సెంట్లకి అసలు ఈ మార్పే ఉండదు, కావాలనే మొదటి నిమిషం నుంచి చివరిదాకా ఒకేలా ఉండేట్టు చేస్తారు. మాలిక్యూల్ 01 అని ఒకటుంది, 2006లో వచ్చింది, అందులో వాసన పదార్థం ఒక్కటే, ఐసో ఈ సూపర్, ఇక విడిపోవడానికి ఏముంటుంది. కాబట్టి టాప్ నోట్స్ కనబడలేదని కంగారు పడకండి, లేకపోయి ఉండొచ్చు.

ఇప్పుడు చర్మం సంగతి. ఒకే సెంటు ఇద్దరి మీద వేరువేరుగా ఉంటుందంటే చాలామంది ఏదో మిస్టరీలా చెబుతారు గానీ, పెద్ద తేడా వచ్చేది రెండు మామూలు విషయాల వల్ల, చర్మం జిడ్డు, చర్మం వేడి. జిడ్డు చర్మం మీద సువాసన నూనెలు ఆ జిడ్డులో కలిసి నిలబడతాయి, పొడి చర్మం మీద పట్టుకునేది ఏమీ లేక త్వరగా లేచిపోతాయి. అందుకే పొడి చర్మం ఉన్నవాళ్ళు ముందు వాసన లేని మాయిశ్చరైజరో, కాస్త వాజిలీనో రాసుకుని దాని మీద కొడితే గంటో రెండు గంటలో ఎక్కువ ఉంటుంది. వేడి విషయానికొస్తే పది డిగ్రీలు పెరిగితే ఆవిరయ్యే జోరు సుమారు రెట్టింపు అవుతుంది, ఏసీ ఆఫీసులో రెండు గంటలు ఉండే హార్ట్ భాగం మే నెల మధ్యాహ్నం విజయవాడ రోడ్డు మీద గంటకే అయిపోతే ఆశ్చర్యం లేదు. పైగా ఎండలో బేస్ కూడా ఎక్కువగా లేస్తుంది కాబట్టి డిసెంబర్‌లో హాయిగా ఉన్న వెనీలా మేలో కిక్కిరిసిన బస్సులో పక్కవాళ్ళకి తలనొప్పి తెప్పిస్తుంది, షాలిమార్ లాంటివి మన ఎండాకాలానికి కాదని నేను గట్టిగానే చెబుతా.

మణికట్లు రెండూ రుద్దుకుంటే అణువులు విరిగిపోతాయని ఒక మాట తిరుగుతూ ఉంటుంది. విరగవు, రుద్దుడుకి విరిగేంత పెళుసు కాదవి. జరిగేదేంటంటే వెచ్చబడి, ఎక్కువ చోటికి పల్చగా పరుచుకుని టాప్ నోట్స్ ఇంకాస్త త్వరగా పోతాయి, ఆ భాగం కోసమే డబ్బులు పెట్టినవాళ్ళకి అది నష్టమే కాబట్టి రుద్దకపోవడమే మంచిది.

ఇక ముక్కు మోసం. "రెండు గంటలకే పోయింది" అనే కంప్లయింట్లలో చాలావాటికి కారణం సెంటు కాదు, ముక్కు అలవాటు పడిపోవడం. ఒకే వాసన ఆగకుండా వస్తుంటే కాసేపటికి మెదడు దాన్ని పట్టించుకోవడం మానేస్తుంది, మెడ మీద కొట్టుకున్నవాళ్ళకి ఇది ఇంకా త్వరగా జరుగుతుంది. దానికి తోడు కస్తూరి లాంటి వాసనిచ్చే కొన్ని మస్క్ పదార్థాలు కొంతమంది ముక్కుకి అసలు తెలియనే తెలియవు, వాళ్ళకి సెంటు మూడో గంటలో "అయిపోతుంది", పక్కవాళ్ళకి ఆరో గంటలో కూడా వస్తూనే ఉంటుంది. తేల్చుకోవాలంటే పావుగంట బయట గాల్లో తిరిగొచ్చి మళ్ళీ చూడండి, లేదా ఇంట్లో వాళ్ళని అడగండి. తెలియట్లేదని ఇంకో నాలుగు స్ప్రేలు కొట్టడమే అందరూ చేసే పని, లిఫ్ట్‌లో అందరూ ఊపిరి బిగబట్టేది అందుకే.

అత్తరు కథ వేరు. ఉత్తరప్రదేశ్‌లోని కన్నౌజ్‌లో పాతపద్ధతిలో చేసేది చూస్తే, రాగి డేగిశాల్లో పూలు, నీళ్ళు వేసి కాచి, ఆ ఆవిరిని నేరుగా గంధం నూనెలోకి పంపిస్తారు. అంటే బేస్ నోటే గిన్నె, పూల వాసన అందులో పడి నానుతుంది. ఆల్కహాల్ ఉండదు కాబట్టి మొదట్లో గుప్పుమనడం ఉండదు, చార్మినార్ చుట్టుపక్కల షాపుల్లో గాజు పుల్లతో చేతి మీద రాసినప్పుడు "ఏంటి ఇంత మెల్లగా ఉంది" అనిపించేది అందుకే, అరగంటకి ఒంటి వేడికి విచ్చుకుంటుంది. గంధం నూనె ఖరీదైపోయాక చాలా అత్తర్లకి ఇప్పుడు పారఫిన్ లాంటి వాసన లేని చవక నూనెలు వాడుతున్నారు, వాటిల్లో పూలు పోయాక కింద మిగలడానికి ఏమీ ఉండదు, చివర్లో గంధం వస్తోందా రావట్లేదా అన్నది చూస్తే ఏ నూనె వాడారో చాలావరకు తెలిసిపోతుంది, అక్కడ కూడా గంధం లాంటి సింథటిక్ కలిపేవాళ్ళు ఉన్నారనుకోండి.

సరే, షాపుకెళ్ళినప్పుడు ఏం చేయాలి. పేపర్ ముక్కల మీద నాలుగైదు చూడండి, వాటి మీద పెన్నుతో పేరు, టైము రాసుకోండి, లేకపోతే జేబులో కలిసిపోయి ఏది ఏదో తెలియదు. పేపర్‌కి ఒంటి వేడీ జిడ్డూ ఉండవు కాబట్టి అక్కడ మార్పు నెమ్మదిగా జరుగుతుంది, అది వడపోతకి మాత్రమే. నచ్చిన రెండు మాత్రం ఒంటి మీదకి తీసుకోండి, ఎడమ చేతికొకటి, కుడి చేతికొకటి, మూడోది వద్దు. మధ్యలో వాసన చూడమని కాఫీ గింజల డబ్బా ఇస్తారు, దానివల్ల పెద్ద ఉపయోగం లేదు, సెంటు తగలని మీ మోచేతి మడత వాసన చూసినా అదే పని జరుగుతుంది. ఆ తర్వాత కొనకుండా బయటికొచ్చేయండి, సేల్స్ వాళ్ళు ఆఫర్ ఇవాళే లాస్ట్ అంటారు, అనని రోజు ఉండదు. అరగంటకి ఒకసారి, రెండు గంటలకి ఒకసారి, రాత్రి అన్నం తిన్నాక, మణికట్టు తడవకుండా చేతులు కడుక్కుని, ఒకసారి చూడండి. ఆ మూడో సారి వచ్చే వాసన నచ్చకపోతే మొదటి పది నిమిషాలు ఎంత బాగున్నా ఆ సీసా ఇంట్లో పడి ఉంటుంది. మొదటి పది నిమిషాలే ప్రాణం అనిపించే వాళ్ళూ ఉంటారు, వాళ్ళకి ఓ డి కొలోన్ రకం చాలు, అందులో నూనె తక్కువ, నిమ్మజాతి ఎక్కువ, ధర కూడా తక్కువ, చిన్న సీసా బ్యాగులో వేసుకుని రెండు గంటలకోసారి మళ్ళీ కొట్టుకోవచ్చు.